"ఇది నాకు ఎన్నో సిట్టింగమ్మా?"

ఫిజియోథెరపీ సెంటర్లో డబ్బు వ్యవహారమంతా సిట్టింగుల లెక్క మీద నడుస్తుంది. మోకాలి నొప్పితో వచ్చినా, భుజం పట్టేసి వచ్చినా, పక్షవాతం తర్వాత కాలూ చెయ్యీ కూడదీసుకోవడానికి వచ్చినా, మా డాక్టరు గారు చీటీ మీద ఎక్కువగా రాసేది "పది సిట్టింగులు" అనే. పదింటికీ ఒకేసారి ప్యాకేజీ కడితే విడివిడిగా కట్టేదానికన్నా కొంత తగ్గుతుంది కాబట్టి చాలామంది ప్యాకేజీయే తీసుకుంటారు. ఇక అక్కణ్ణుంచి కౌంటర్ దగ్గర రోజంతా వినబడే ప్రశ్న ఒకటే: "ఇది నాకు ఎన్నో సిట్టింగమ్మా?"

రాజమహేంద్రవరంలో ఒక సెంటర్లో ఆ కౌంటరూ, ఆ లెక్కలూ నేనే చూస్తాను. నేను చేరేనాటికి రిజిస్టరు ఎక్సెల్లోనే ఉంది కానీ, "ఎన్నోది" అనే కాలమ్ మాత్రం చేత్తో కొట్టేవారు. పేషెంటు రాగానే ఫిల్టర్ పెట్టి, కిందటిసారి నంబరు చూసి, ఒకటి కలిపి రాయడం. పొద్దున్న ఏడింటికి తెరిచే సెంటర్లో, తొమ్మిదయ్యేసరికి కౌంటర్ ముందు వాకింగ్ స్టిక్కులూ వాకర్లూ వరసకట్టి నిలబడితే ఆ పని ఎంత పద్ధతిగా సాగుతుందో చెప్పనక్కర్లేదు. రెండు అయిదులూ, మధ్యలో ఆరు లేకుండా ఏడూ మామూలే.

దీనికి ఎక్సెల్లో ఒక చిన్న ఫార్ములా ఉంది. మా రిజిస్టర్లో A కాలమ్ తేదీ, B కాలమ్ పేషెంటు రిజిస్ట్రేషన్ నంబరు, D కాలమ్ ఎన్నోది. C సంగతి తర్వాత చెబుతాను. మొదటి రో హెడ్డింగులది కాబట్టి రెండో రోలో D2 సెల్‌లో ఇలా రాయాలి:

```
=COUNTIF($B$2:B2,B2)
```

దాన్ని చివరిదాకా కిందికి లాగితే వచ్చేది ఇది:

```
రో   తేదీ          నంబరు   ఎన్నోది
2    02-06-2025   R118    1
3    02-06-2025   R204    1
4    03-06-2025   R118    2
5    04-06-2025   R118    3
6    04-06-2025   R311    1
7    05-06-2025   R204    2
8    05-06-2025   R118    4
```

కిటుకంతా డాలర్ గుర్తులో ఉంది. రేంజ్‌లో మొదటి సగం $B$2. డాలర్ ఉంది కాబట్టి ఫార్ములాను ఎంత కిందికి లాగినా అది రెండో రోలోనే పాతుకుని ఉంటుంది. రెండో సగం B2. దానికి డాలర్ లేదు కాబట్టి మూడో రోలో B3 అవుతుంది, ఎనిమిదో రోలో B8 అవుతుంది. అంటే ఎనిమిదో రో తనకు పైనున్నవాటినీ తననూ కలిపి చూసుకుని, "ఇంతవరకు R118 ఎన్నిసార్లు వచ్చింది?" అని లెక్కపెట్టుకుంటుంది. రెండు, నాలుగు, అయిదు, ఎనిమిది రోల్లో ఉంది. అందుకని నాలుగు.

డాలర్ తప్పిందో లేదో కాలమ్ చూడగానే తెలిసిపోతుంది. రెండువైపులా డాలర్ పెట్టి $B$2:$B$8 అనేస్తే R118 రోలన్నీ 4, 4, 4, 4 అంటాయి. అది మొత్తం అవుతుంది గానీ వరస కాదు. రెండువైపులా డాలర్ మరిచిపోతే ప్రతి రో తనను తాను మాత్రమే చూసుకుంటుంది, కాలమంతా ఒకట్లే కనిపిస్తాయి. ఇంతవరకు ఎవరైనా పదినిమిషాల్లో నేర్చుకుంటారు. ఫార్ములా సరిగ్గా ఉండి కూడా నంబరు తప్పుగా వచ్చే సందర్భాలే నా ఉద్యోగంలో ఎక్కువ భాగం.

అందులో మొదటిది ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి మోకాలు. ఆయన జేబులో చిన్న డైరీ ఉంటుంది. వచ్చిన ప్రతిరోజూ టైముతో సహా రాసుకుంటారు. ఒకరోజు రసీదు చూసి ఆగిపోయారు.

"ఏమ్మా, ఇది తొమ్మిదోదంటున్నావు. నా లెక్కలో ఎనిమిదోదే."

"ఒక్క నిమిషం కూర్చోండి మాస్టారూ, చూస్తాను."

ఆయన నంబరు మీద ఫిల్టర్ పెడితే నిజంగానే తొమ్మిది రోలున్నాయి. డైరీలో తేదీలు ఒక్కొక్కటీ ఆయన చదువుతుంటే నేను స్క్రీన్ మీద టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. తొమ్మిది తేదీలూ డైరీలో ఉన్నాయి! కాకపోతే మొదటి తేదీ పక్కన ఆయన "డాక్టరు పరీక్ష" అని రాసుకున్నారు. ఆ రోజు ఆయనకు కరెంటు పెట్టలేదు, వ్యాయామం చేయించలేదు. మోకాలు ఎంత వంగుతోందో కొలిచి, ఏం చేయాలో రాసి పంపించారు. మా భాషలో దాన్ని అసెస్‌మెంట్ అంటాం. దానికి విడిగా ఫీజు ఉంటుంది, ప్యాకేజీలోకి రాదు. ఫార్ములాకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? B కాలమ్‌లో ఆయన నంబరు తొమ్మిదిసార్లు ఉంది, తొమ్మిది అంది. పేషెంటు ఎన్నిసార్లు వచ్చాడన్నది ఒక ప్రశ్న, ఎన్ని సిట్టింగులు చేయించుకున్నాడన్నది ఇంకో ప్రశ్న. షీటు మొదటిదానికి జవాబు చెబుతుంటే రసీదు దాన్ని రెండోదానికి జవాబుగా అచ్చు వేస్తోంది.

C కాలమ్ అప్పుడే పుట్టింది. అసెస్‌మెంట్ అయితే A, సిట్టింగ్ అయితే S. ఫార్ములా ఇలా మారింది:

```
=IF(C2="S",COUNTIFS($B$2:B2,B2,$C$2:C2,"S"),"")
```

COUNTIF ఒక్క షరతే చూస్తుంది, COUNTIFS ఎన్నయినా చూస్తుంది. రెండు రేంజ్‌లూ ఒకే పొడవుండాలి, లేకపోతే #VALUE! అని మొరాయిస్తుంది. అసెస్‌మెంట్ రోజున సెల్ ఖాళీగా కనిపిస్తుంది. మాస్టారి రసీదు ఎనిమిదికి దిగింది. ఆయన డైరీ మూసి, "లెక్క పెట్టేముందు ఏం లెక్కపెడుతున్నామో చూసుకోవాలమ్మా" అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లల చేత లెక్కలు చేయించిన మనిషి, ఆ మాట అనే హక్కు ఆయనకుంది.

ఇక ప్యాకేజీల సంగతి. పది సిట్టింగులయ్యాక పేషెంటు ఇంకో పది తీసుకుంటే రసీదు మీద 13 అని ఉండకూడదు, "రెండో ప్యాకేజీ, 3" అని ఉండాలి. దీనికి చాలామంది వాడేది ఈ జత:

```
=IF(D2="","",INT((D2-1)/10)+1)
=IF(D2="","",MOD(D2-1,10)+1)
```

మొదటిది ఎన్నో ప్యాకేజీయో, రెండోది అందులో ఎన్నోదో చెబుతుంది. ఒకటి తీసేసి, భాగించి, మళ్లీ ఒకటి కలపడం ఎందుకంటే, ఊరికే MOD(D2,10) అంటే పదో సిట్టింగుకు సున్నా వస్తుంది. 13లో ఒకటి తీస్తే 12, పదితో భాగిస్తే శేషం 2, ఒకటి కలిపితే 3. లెక్క బాగానే ఉంది. కానీ మా దగ్గర నిలబడలేదు. ఒకావిడ నడుముకని అయిదు సిట్టింగులే తీసుకుంటుంది, రెండు నెలల తర్వాత భుజానికని పది తీసుకుంటుంది. మరొకాయన ఏడింటితో నొప్పి తగ్గిందని మానేసి, మిగతా డబ్బు వెనక్కి పుచ్చుకుని, ఏడాది తర్వాత మళ్లీ వస్తాడు. ఇలాంటి చోట పదితో భాగించడమంటే చేతికి వచ్చిన అంకె చెప్పడమే. అందుకని E కాలమ్‌లో ప్యాకేజీ రసీదు నంబరు వేయడం మొదలుపెట్టాను. D కాలమ్‌ను అలాగే ఉంచి, విడి కాలమ్‌లో లెక్క మనిషి మీద కాకుండా ఆ మనిషి కట్టిన రసీదు మీద:

```
=IF(C2="S",COUNTIFS($E$2:E2,E2,$C$2:C2,"S"),"")
```

కొత్త రసీదు రాగానే దానంతటదే ఒకటి నుంచి మొదలవుతుంది. అయిదు తీసుకున్నా పది తీసుకున్నా దీనికి పట్టదు. దేన్ని గుంపుగా తీసుకోవాలన్నది తేలిపోతే ఫార్ములా దానంతటదే చిన్నదైపోతుందని నా అనుభవం.

గుంపు గుర్తు అనేసరికి నంబరు ఎలాంటిదన్న పేచీ వస్తుంది. పేరు మీద లెక్కపెడదామంటే గోదావరి జిల్లాల్లో ఒక్కపూటలో ముగ్గురు సత్యవతులు వస్తారు. ఫోన్ నంబరు మీద పెడదామంటే మొగుడూ పెళ్లాం ఇద్దరూ మోకాళ్లకే వస్తారు, ఇద్దరికీ కొడుకు ఫోనే. అప్పుడు ఆయన నాలుగోదీ ఆవిడ మూడోదీ కలిసి ఏడవుతాయి. రిజిస్ట్రేషన్ నంబరు తప్ప గతిలేదు. ఆ నంబరు విషయంలో కూడా COUNTIFకు కొన్ని సొంత అలవాట్లున్నాయి. వాటిని తెలుసుకోకపోతే అది ఇద్దరిని ఒకరనుకుంటుంది, ఒకరిని ఇద్దరనుకుంటుంది.

మొదట్లో మా నంబర్లు ఉత్త అంకెలే. సెంటర్లో ఇచ్చేవి 118, 119 అని, డాక్టరు గారు సాయంత్రం చూసే బ్రాంచిలో ఇచ్చేవి 0118, 0119 అని. సున్నా నిలబడాలని ఆ సెల్స్‌ను టెక్స్టుగా ఫార్మాట్ చేశారు కూడా. కంటికి రెండూ వేరే. COUNTIF మాత్రం అంకెలా కనిపించేదాన్ని అంకెగానే తీసుకుంటుంది. టెక్స్టు అయినా సరే, దానికి 0118కీ 118కీ తేడా లేదు. ఇద్దరు పేషెంట్ల లెక్క ఒకటైపోయింది. సెంటర్ నంబర్ల ముందు R, బ్రాంచి నంబర్ల ముందు B తగిలించాక ఆ గొడవ తీరింది. ముందో అక్షరం ఉంటే అది అంకెగా మార్చుకోలేదు. పొడవాటి నంబర్లతోనూ ఇదే చిక్కు. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే ఖచ్చితంగా గుర్తుపెట్టుకుంటుంది. ఆధార్ పన్నెండంకెలు, ఆభా నంబరు పద్నాలుగు, కాబట్టి వాటికి ఢోకా లేదు. పదహారంకెల కార్డు నంబరు లాంటివి గుర్తుగా పెట్టుకుంటే మాత్రం, మొదటి పదిహేను కలిసిన రెండు నంబర్లను COUNTIF ఒకటే అంటుంది.

నక్షత్రం గుర్తు కథ వేరు. ఇంటికి వెళ్లి చేసే పేషెంట్ల నంబరు పక్కన మా థెరపిస్టు కుర్రాడు చుక్కలాగా ఒక * పెట్టేవాడు, తను గుర్తుపట్టడానికి. R11 కాస్తా R11* అయింది. COUNTIF దృష్టిలో * అంటే "ఇక్కడ ఏమున్నా సరే" అని. అందుకని ఆ రోలో అది R11తో మొదలయ్యేవన్నీ, అంటే R110 నుంచి R119 దాకా అందరినీ, లెక్కలో వేసుకుంది. ఆ పేషెంటుకు ఒక్కసారిగా నలభై ఎన్నో సిట్టింగని వచ్చింది. ప్రశ్నార్థకం గుర్తుకూ ఇదే రోగం, అది ఏదో ఒక అక్షరానికి బదులు. చుక్కకు విడిగా ఒక కాలమ్ ఇచ్చాక కుర్రాడూ సంతోషం, నేనూ సంతోషం.

ఇవి కలిపేసే తప్పులు. విడదీసే తప్పు చాలావరకు ఖాళీ స్పేస్ వల్ల వస్తుంది. "R118" తర్వాత పొరపాటున స్పేస్ బార్ తగిలితే అది వేరే మనిషి. పన్నెండో రోజు వచ్చిన పేషెంటు పక్కన హఠాత్తుగా 1 కనబడిందంటే ముందు చూడాల్సింది అదే. `=LEN(B2)` అంటే అక్షరాలెన్నో చెబుతుంది. R118కి నాలుగు రావాలి, అయిదు వచ్చిందంటే దొంగ దొరికినట్టే. మామూలు స్పేసులను TRIM ఊడ్చేస్తుంది. వెబ్ పేజీ నుంచో, మెసేజీ నుంచో కాపీ చేసి అతికించిన నంబర్ల వెనక ఇంకో రకం స్పేస్ రావచ్చు, దానికి TRIM కూడా ఏమీ చేయలేదు. దాన్ని ఇలా తీసేయాలి:

```
=TRIM(SUBSTITUTE(B2,CHAR(160),""))
```

నంబరు అసలు వేయకుండా వదిలేస్తే లెక్క 0 అని వస్తుంది. ఖాళీ సెల్‌ను షరతుగా ఇస్తే COUNTIF దాన్ని సున్నాగా తీసుకుంటుంది, పైన ఎక్కడా సున్నా ఉండదు కాబట్టి సున్నా అంటుంది. నాకు మాత్రం ఇది మంచిదే. సాయంత్రం కౌంటర్ మూసే ముందు D కాలమ్‌లో సున్నాల మీద ఫిల్టర్ పెడితే నంబరు వేయని రోలన్నీ బయటపడతాయి.

ఇంతకన్నా లోతైన విషయం ఇంకొకటుంది. దాన్ని అర్థం చేసుకున్నాకే ఈ కాలమ్ మీద నాకు పూర్తిగా పట్టు వచ్చింది. $B$2:B2 అనే ఫార్ములాకు తేదీ తెలియదు. దానికి తెలిసిందల్లా "నా పైన" అనే. మనం రోజూ కిందికి కిందికి రాసుకుంటూ పోతే పైనున్నదే ముందు జరిగినది కాబట్టి రెండూ ఒకటైపోతాయి. ఆ వరస చెదిరినరోజు ఫార్ములా తప్పు చెప్పదు, వేరే ప్రశ్నకు సరైన జవాబు చెబుతుంది.

ఇంటి సిట్టింగులతో ఈ వరస వారానికోసారైనా చెదురుతుంది. కుర్రాడు మూడో తేదీన R204 ఇంటికి వెళ్లి చేసొచ్చాడనుకోండి. చీటీ జేబులోనే ఉండిపోయి, నాకు ఆరో తేదీన ఇచ్చాడు. నేను దాన్ని తొమ్మిదో రోలో 03-06-2025 అని వేస్తాను. ఫార్ములా దానికి 3 ఇస్తుంది, ఏడో రోలోని అయిదో తేదీ సిట్టింగ్ 2గానే ఉంటుంది. నిజానికి మూడో తేదీదే రెండోది, అయిదో తేదీది మూడోది. తేదీల ప్రకారం సార్ట్ చేస్తే ఫార్ములా కొత్త వరస మీద మళ్లీ లెక్కపెట్టుకుని సరిపోతుంది. కానీ అదే సార్ట్‌ను ఎవరైనా కొత్తవి పైకి వచ్చేలా చేస్తే నంబర్లన్నీ తిరగబడతాయి. నిన్న వచ్చిన సిట్టింగ్ ఒకటవుతుంది, మొట్టమొదటి రోజుది పదవుతుంది. మా డాక్టరు గారికి కొత్తవి పైన చూడటమే ఇష్టం. ఆయన చూసి సేవ్ చేసి వెళ్లినరోజు నాకు తెల్లారినట్టే.

వరస మీద ఆధారపడకుండా తేదీనే అడిగే దారి ఉంది:

```
=COUNTIFS($B$2:$B$2000,B2,$A$2:$A$2000,"<="&A2)
```

ఇక్కడ రేంజ్ మొత్తానికి డాలర్లు బిగించేశాం. "ఈ నంబరుతో, ఈ తేదీకి లోపల, ఎన్ని రోలున్నాయి?" అని షీటంతటినీ అడుగుతున్నాం. ఆలస్యంగా వేసిన తొమ్మిదో రోకు 2 వస్తుంది, ఏడో రోకు 3 వస్తుంది. ఎటు సార్ట్ చేసినా మారదు. S షరతు కూడా కలుపుకోవచ్చు, చూడటానికి తేలిగ్గా ఉండాలని ఇక్కడ వదిలేశాను. దీనికీ రెండు పేచీలున్నాయి. పక్షవాతం పేషెంట్లు కొందరు పొద్దున్నా సాయంత్రమూ వస్తారు. ఒకే తేదీన రెండు రోలుంటే రెండింటికీ ఒకే నంబరు వస్తుంది, 5 తర్వాత 7, 7 వచ్చి 6 మాయమవుతుంది. అప్పుడు రెండు పద్ధతులనూ కలపాలి. ముందు తేదీలవన్నీ షీటంతటా లెక్కపెట్టి, ఈ తేదీవి మాత్రం పైనుంచి లెక్కపెట్టాలి:

```
=COUNTIFS($B$2:$B$2000,B2,$A$2:$A$2000,"<"&A2)
 +COUNTIFS($B$2:B2,B2,$A$2:A2,A2)
```

రెండో పేచీ తేదీ నిజంగా తేదీయేనా అన్నది. కుర్రాళ్లు 03.06.2025 అని చుక్కలతో కొడతారు. మా మెషిన్లో అది తేదీగా మారదు, టెక్స్టుగా మిగిలిపోతుంది. మిగతా రోలు లెక్కపెట్టేటప్పుడు ఆ రో కనిపించదు, ఒక సిట్టింగ్ గాల్లో కలిసిపోతుంది. తేదీ సెల్‌లో కుడివైపుకి ఒదిగితే నిజం తేదీ, ఎడమవైపుకి అంటుకుంటే టెక్స్టు. అలైన్‌మెంట్ ఎవరూ ముట్టుకోనంతవరకు ఈ గుర్తు పనిచేస్తుంది.

అయితే తేదీ ఫార్ములా వల్ల ఒక కొత్త తలనొప్పి వచ్చింది. చీటీ ఆలస్యంగా వేయగానే, అయిదో తేదీన "రెండోది" అని రసీదు పుచ్చుకుని వెళ్లినావిడ రో ఇప్పుడు 3 అంటోంది. ఆవిడ చేతిలో కాగితం ఒకటి, నా షీటులో ఇంకొకటి. చాలా రోజులు ఆలోచించి నేను తేల్చుకున్నది ఇది: ఈ నంబరు ఇద్దరికి కావాలి, ఇద్దరికీ కావలసింది ఒకటి కాదు. కౌంటర్ దగ్గర పేషెంటుకు కావలసింది ఇంకా ఎన్ని మిగిలాయన్నది. దానికి వరస అక్కర్లేదు, మొత్తం చాలు. ఏది ముందు వేసినా, ఏది వెనక వేసినా మొత్తం మారదు. అందుకని ఇప్పుడు రసీదు మీద "ఎన్నోది" అని అచ్చు వేయడం మానేసి, "మిగిలినవి" వేస్తున్నాం. F కాలమ్‌లో ఆ ప్యాకేజీ ఎన్ని సిట్టింగులదో ఉంటుంది:

```
=F2-COUNTIFS($E$2:$E$2000,E2,$C$2:$C$2000,"S")
```

వరస కావలసింది లోపల థెరపిస్టుకు. గోనియోమీటరు పెట్టి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో మా వాళ్లు మొదటి, అయిదో, పదో సిట్టింగుల్లో కొలుస్తారు. అయిదోది నిజంగా అయిదోదే కావాలి. అందుకని తేదీ ఫార్ములా లోపలి షీటులో ఉంది, అందులో నంబరు మారినా ఎవరి చేతిలోని కాగితమూ అబద్ధం కాదు.

ఫైలు విషయంలో రెండు మాటలు. నెలకో షీటు పెట్టుకునే అలవాటు ఈ లెక్కకు అస్సలు పడదు. జూన్ షీటు తెరవగానే మే నెలలో ఆరు చేయించుకున్నవాడు కూడా ఒకటి నుంచి మొదలవుతాడు. షీట్లన్నీ కలిపి ఒకే రేంజ్‌గా ఇద్దామంటే COUNTIF ఒప్పుకోదు, #VALUE! అంటుంది. ఏడాదంతా ఒకే షీటు, నెల కావాలంటే ఫిల్టర్. ఇన్‌సర్ట్ మెనూలోంచి దాన్ని టేబుల్‌గా చేసుకుంటే ఫార్ములాలు వాటంతటవే కిందికి దిగుతాయి కానీ, $B$2:B2 రకం మాత్రం టేబుల్లో గాడి తప్పుతుంది. కొత్త రో వేసినప్పుడు పై రోలోని ఫార్ములా కూడా సాగి, కింది రోను కలిపేసుకుంటుంది. టేబుల్లో ఇలా రాస్తే ఆ బాధ ఉండదు, Reg అన్నది కాలమ్ హెడ్డింగు:

```
=COUNTIF(INDEX([Reg],1):[@Reg],[@Reg])
```

రెండోది వేగం. మొదటి రో ఒక్క సెల్ చూస్తుంది, వెయ్యో రో వెయ్యి చూస్తుంది. వెయ్యి రోల షీటులో అంతా కలిపి 5,00,500 పోలికలు, దానికి కంప్యూటరు కంటిరెప్ప కూడా వేయదు. ఇరవై వేల రోలయితే ఇరవై కోట్లు దాటుతాయి. రోలు ఇరవై రెట్లు పెరిగితే పని నాలుగు వందల రెట్లు పెరుగుతుంది. పాత సంవత్సరాలన్నీ ఒకచోట చేర్చి చూద్దామని అనుకున్నప్పుడు ఒక నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే స్క్రీన్ కాసేపు నిద్రపోయేది. అలాంటప్పుడు COUNTIF వద్దు. ముందు రిజిస్ట్రేషన్ నంబరు ప్రకారం, అందులో తేదీ ప్రకారం సార్ట్ చేసి, పై రోను మాత్రం చూసే ఫార్ములా పెట్టాలి:

```
=IF(B2=B1,D1+1,1)
```

పైనున్నది ఇదే నంబరయితే ఒకటి కలుపు, కాకపోతే ఒకటి నుంచి మొదలుపెట్టు, అంతే. ప్రతి రోకూ ఒక్క పోలికే. సార్ట్ చెదిరితే మాత్రం ఇది పూర్తిగా పాడవుతుంది కాబట్టి లెక్క రాగానే కాపీ చేసి విలువలుగా అతికించేయాలి, Ctrl+Alt+V నొక్కి V, తర్వాత ఎంటర్.

ఈ కాలమ్ తయారయ్యాక అడక్కుండానే ఇంకో సంగతి చెప్పింది. మనిషి మీద లెక్కపెట్టిన D కాలమ్‌లో ఒకట్లు ఎన్నో `=COUNTIF(D:D,1)` చెబుతుంది, అవి మా దగ్గర సిట్టింగులు మొదలుపెట్టిన మనుషులు. రెండు ఎన్నో, మూడు ఎన్నో అలా పదిదాకా రాసుకుంటూ పోతే ఎక్కడ మానేస్తున్నారో బయటపడుతుంది. మా డాక్టరు గారు జనం మొదటి రోజు నొప్పికి భయపడి మానేస్తున్నారనుకునేవారు. అంకెలు చూస్తే రెండో రోజుకు దాదాపు అందరూ వస్తున్నారు. జారిపోతున్నది ఆరు, ఏడు దగ్గర. కొంచెం నయం కాగానే ఇంక చాల్లే అనుకుని మానేస్తున్నారు. అందుకని ఇప్పుడు అయిదో సిట్టింగు రోజున గోనియోమీటరు కొలత పేషెంటుకే చూపించి, మొదటిరోజు ఎంతో ఇవాళ ఎంతో, ఇంకా ఎంత రావాలో చెబుతున్నారు.

మీరు బ్యూటీ పార్లరు నడిపినా, ట్యూషన్ సెంటరు నడిపినా, బైకులకు ఫ్రీ సర్వీసు లెక్కలు రాసినా ఫార్ములా ఇదే. పెట్టాక రెండు పనులు చేయండి. కాగితం మీద సొంత లెక్క ఉన్న ఒక కస్టమర్ని పట్టుకుని తేదీకి తేదీ సరిచూడండి. తర్వాత షీటును ఒకసారి కిందుమీదుగా సార్ట్ చేసి, నంబర్లు మారాయో లేదో చూడండి. మారితే మీ ఫార్ములా లెక్కపెడుతున్నది రోలను, తేదీలను కాదు.